ఆ ముగ్గు ఎవరు వేశారు: యానిమేషన్ షార్ట్‌కు లాగ్‌లైన్, సినాప్సిస్

"సార్, నేను తీసిన యానిమేషన్ షార్ట్ 'మునిగిన జ్ఞాపకాలు' ఫెస్టివల్స్‌కు పంపుతున్నాను. నిడివి 7 నిమిషాల 40 సెకన్లు, మాటల్లేవు. శ్రీశైలం డ్యామ్ వెనక నీళ్లలో మునిగిపోయిన ఊరి కథ. లాగ్‌లైన్ ఇలా రాశాను: 'తన మూలాలను వెతుక్కుంటూ ఒక వృద్ధురాలు చేసే హృదయాన్ని కదిలించే ప్రయాణం. నిర్వాసితుల వేదనకు అద్దం పట్టే కవితాత్మక చిత్రం.' సినాప్సిస్ కూడా ఇదే ధోరణి. ఎనిమిది చోట్ల పంపితే ఎక్కడా తీసుకోలేదు. ఎలా మార్చాలి? సినిమా లింక్ పంపుతున్నాను, వీలైతే చూడండి."

మీ సినిమా రెండుసార్లు చూశాను. రెండో నిమిషం దాటాక అవ్వ చీపురు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోతుంది చూడండి, ఆ షాట్ దగ్గర నేను కుర్చీలో ముందుకు జరిగాను. ఆమె ఏటా వచ్చి కడిగే వాకిలి బండను అప్పటికే ఎవరో కడిగేశారు. దాని మీద ముగ్గు కూడా వేశారు. నీళ్లలోంచి బయటికి వచ్చి పది రోజులైనా కాని ఊరు, మనిషి జాడ లేదు, అక్కడ తాజా ముగ్గు! సినిమా అయిపోయాక మీ లాగ్‌లైన్ మళ్లీ చదివాను. ముగ్గు లేదు, బండ లేదు, అవ్వ చీపురు లేదు. ఉన్నవల్లా మూలాలు, వేదన, ప్రయాణం. ఈ మూడు మాటలు మీ సినిమాకే కాదు, ఊరు వదిలిన మనిషి మీద తీసిన ఏ సినిమాకైనా పెట్టొచ్చు.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఎనిమిది చోట్ల రాకపోవడానికి లాగ్‌లైన్ ఒక్కటే కారణం అనుకోకండి. సినిమాను చూసే ఎంపిక చేస్తారు. మంచి లాగ్‌లైన్ రాసినంత మాత్రాన బాగాలేని సినిమా ఎంపిక కాదు. కానీ అది రెండు చోట్ల గట్టిగా పని చేస్తుంది. ఆ రెండూ తెలిస్తే ఎలా రాయాలో సగం తెలిసినట్టే.

నేను మన దేశంలోనే ఒక ఫెస్టివల్‌కు కొన్నేళ్లు షార్ట్ ఫిల్మ్స్ తొలి వడపోత చేశాను. రాత్రి భోజనం అయ్యాక కూర్చుంటే ఒక్కో విడతలో పదిహేను, ఇరవై సినిమాలు చూడాలి. స్క్రీన్ మీద సినిమా పేరు, నిడివి, దేశం, ఒక స్టిల్, సినాప్సిస్ ఉంటాయి, పక్కనే ప్లే బటన్. ఆ నాలుగు లైన్లు చదవడానికి పట్టేది పది సెకన్లు. ఆ పది సెకన్లలో మనం సినిమా మంచిదా కాదా అని తేల్చుకోం. దాన్ని ఎలా చూడబోతున్నామో మాత్రం తేలిపోతుంది. 'హృదయాన్ని కదిలించే' అని చదివితే, సరే కదిలించు చూద్దాం అని చేతులు కట్టుకుని కూర్చుంటాం. 'అక్కడ అప్పటికే ముగ్గు వేసి ఉంది' అని చదివితే ఆ ముగ్గు ఎప్పుడు వస్తుందా అని చూస్తాం. మీ సినిమాలో మొదటి రెండు నిమిషాలు నెమ్మదిగా నడుస్తాయి. అవ్వ నడుస్తుంది, బురద పగుళ్లు, గాలి, అంతే. చేతులు కట్టుకుని కూర్చున్నవాడికి ఆ రెండు నిమిషాలు బరువు. ముగ్గు కోసం ఎదురుచూసేవాడికి ఆ నడకలో ప్రతి అడుగూ పని చేస్తుంది.

రెండో చోటు ఎంపిక సమావేశం. అక్కడ ఒకరికి నచ్చిన సినిమాను మిగతావాళ్లకు గుర్తు చేయాలి. వందల సినిమాల్లో పేర్లు ఎవరికీ గుర్తుండవు. "అదే, మునిగిన ఇంటి ముందు ఇంకెవరో ముగ్గు వేసి వెళతారే, ఆ సినిమా" అంటే చాలు, బల్ల చుట్టూ ఉన్న అందరికీ గుర్తొస్తుంది. "నిర్వాసితుల మీద ఒకటుంది కదా" అంటే "ఏది, అలాంటివి నాలుగున్నాయి" అంటారు. మీ సినిమా తరఫున మాట్లాడే మనిషి నోటికి అందించాల్సిన వాక్యమే లాగ్‌లైన్. దాన్ని అలా అనుకుని రాయండి.

ఇప్పుడు మీ సినిమాలోకి వద్దాం. షార్ట్ ఫిల్మ్‌లో, ముఖ్యంగా పది నిమిషాల లోపు యానిమేషన్‌లో, నేను ముందు వెతికేది ఒక అలవాటు, ఆ అలవాటుకు పడిన ఒక గండి. ఫీచర్ సినిమా లాగ్‌లైన్ సూత్రం వేరు. హీరోకు ఒక లక్ష్యం, దానికి అడ్డు, ఓడితే ఏం పోతుంది, ఇలా చెబుతారు. దాన్ని తెచ్చి ఏడు నిమిషాల సినిమాకు తొడిగితే చిన్నపిల్లాడికి నాన్న చొక్కా వేసినట్టు ఉంటుంది. మీ సినిమాలో అలవాటు ఏటా వెళ్లి బండ కడిగి ముగ్గు వేయడం. గండి ఈ ఏడు అక్కడ వేరే చేతి ముగ్గు ఉండడం. ఇది మీ దగ్గర ముందునుంచే ఉంది. రాసేటప్పుడు మాత్రం మీరు సినిమాలో ఏం జరుగుతుందో వదిలేసి, సినిమా దేని గురించో రాశారు.

మీ సినిమాతోనే దశలవారీగా చేసి చూపిస్తాను. మొదటి ప్రయత్నం ఇలా వస్తుంది:

"నీళ్లు తగ్గిన ఎండాకాలంలో ఒక అవ్వ మునిగిన తన ఊరికి వెళ్లి, తన ఇంటి ముందు ముగ్గు వేస్తుంది."

మీ పాత లాగ్‌లైన్ కంటే ఇది చాలా మెరుగు, ఎందుకంటే కళ్లకు కనబడుతుంది. కానీ ఇందులో ఉన్నది అలవాటు మాత్రమే. చదివినవాళ్లు "బాగుంది" అని ఆగిపోతారు. చాలామంది యానిమేటర్లు ఇక్కడే ఆగుతారు. అందమైన బొమ్మ దొరికింది కదా, ఇక చాలనుకుంటారు.

గండిని కూడా చెప్పాలి అనగానే రెండో ప్రయత్నం ఇలా తయారవుతుంది:

"నలభై ఏళ్ల కిందట డ్యామ్ కట్టినప్పుడు ఊరిని, ఇంటిని, ఆ దిగులుతో మంచం పట్టిన భర్తను పోగొట్టుకున్న డెబ్బై ఐదేళ్ల సుంకులమ్మ, ఒక రోజు తన ఇంటి ముందు అంతుచిక్కని ముగ్గు కనిపించడంతో దాని వెనక ఉన్న రహస్యాన్ని ఛేదించడానికి బయల్దేరుతుంది."

దీంట్లో తప్పులు చూడండి. భర్త సంగతి మీ సినిమాలో గోడకు ఉన్న మేకు ద్వారా ఒక్క షాట్‌లో తెలుస్తుంది. దాన్ని ఇక్కడ చెప్పేస్తే ఆ షాట్ చచ్చిపోతుంది. సుంకులమ్మ అనే పేరు సినిమాలో ఎక్కడా వినబడదు, కనబడదు. మాటల్లేని సినిమాకు పేరు పెట్టి రాస్తే, చూసేవాళ్లు సుంకులమ్మ ఎవరా అని వెతుక్కుంటారు. 'ఒక అవ్వ' చాలు.

అన్నిటికంటే పెద్ద తప్పు 'రహస్యాన్ని ఛేదించడానికి' అన్న ముక్క. ఇది ఆసక్తి పుట్టిస్తుంది, కానీ తప్పుడు ఆసక్తి. దీన్ని చదివి ప్లే నొక్కినవాడు దెయ్యం కథో, డిటెక్టివ్ కథో వస్తుందనుకుంటాడు. మీది నిదానంగా నడిచే, మెత్తటి సినిమా. ఐదో నిమిషం దాకా ఆగి "ఏదీ, ఏమీ కాలేదే" అంటాడు. అందులో అతని తప్పేమీ లేదు, మాట ఇచ్చింది మీరు. ఆసక్తి పుట్టిస్తే సరిపోదు. పుట్టించిన ఆసక్తిని సినిమా తీర్చగలగాలి. నా లెక్కలో లాగ్‌లైన్‌కు ఇంతకంటే ముఖ్యమైన పరీక్ష లేదు.

మూడోది నేనైతే ఇలా రాస్తాను:

"ఏటా ఎండాకాలం డ్యామ్ నీళ్లు తగ్గగానే, ఒక అవ్వ మునిగిన తన ఇంటి వాకిలి బండ కడిగి ముగ్గు వేసి వస్తుంది. ఈ ఏడు వెళ్లేసరికి అక్కడ ముగ్గు వేసి ఉంది."

రెండు వాక్యాలు. ఒకటి అలవాటు, ఒకటి గండి. 'అంతుచిక్కని', 'విషాద', 'అద్భుత' లాంటి విశేషణం ఒక్కటి కూడా లేదు. ప్రశ్న కూడా లేదు. చాలామంది చివర్లో "ఇంతకీ ఆ ముగ్గు వేసింది ఎవరు?" అని తగిలిస్తారు. అది తీసేయండి. ఆ ప్రశ్న చదివేవాడి తలలో పుట్టాలి. మీరే అడిగేస్తే అతనికి చేయడానికి పని మిగలదు, పైగా టీవీ సీరియల్ ప్రోమోలా వినబడుతుంది. 'వేసి ఉంది' దగ్గర ఆగడం వల్ల కలిగే ఉలికిపాటు చాలు.

మన భాషలో మనకు ఒక వరం ఉంది. తెలుగు వాక్యంలో క్రియ చివర పడుతుంది కాబట్టి గండి దానంతట అదే చివరికి వస్తుంది. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు అది వాక్యం మధ్యలోకి జారిపోతుంది. "ఇంకెవరో వేసిన ముగ్గును ఒక అవ్వ కనుక్కుంటుంది, ఏటా తాను వెళ్లే ఇంటి ముందు" అనే వరస వచ్చేస్తుంది. ఇంగ్లీషులోనూ రెండు వాక్యాలుగానే ఉంచండి, రెండోది చిన్నదిగా ఉంచండి, ముగ్గు సంగతి ఆఖరి మాటగా పడేలా చూడండి. మొత్తం ఇంగ్లీషులో ముప్పై, నలభై మాటలు దాటకూడదు. ఒక ఊపిరిలో చదవగలగాలి.

ఇంగ్లీషు అనగానే ఇంకో చిక్కు ఉంది. దాని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే మన సినిమాలు ఇక్కడే నష్టపోతాయి. ఇంటి ముందు ముగ్గు ఉందంటే ఆ ఇంట్లో మనుషులున్నారని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ముగ్గు లేని వాకిలి చూస్తే ఊరెళ్లారో, ఇంట్లో ఏదైనా జరగకూడనిది జరిగిందో అనుకుంటాం. మీ సినిమా బలమంతా ఈ అర్థం మీదే నిలబడింది. యానిమేషన్ ఫెస్టివల్స్ జరిగే జాగ్రెబ్‌లోనో, ఆన్సీలోనో కూర్చుని చదివే మనిషికి ఇది తెలియదు. అతనికి అది నేల మీద వేసిన ఒక అలంకారం మాత్రమే. అలంకారాన్ని ఇంకొకరు వేస్తే అందులో ఏముంది అనుకుంటాడు, గండి కాస్తా పూడిపోతుంది.

'ముగ్గు' అని అక్షరాలా రాసి వదిలేస్తే అర్థం కాదు. 'రంగోలి' అంటే కొందరికి తెలుసు కానీ వాళ్ల కళ్ల ముందు దీపావళి రంగులు మెదులుతాయి. మీది తెల్ల పిండి, నల్ల బండ. అందుకే ఇంగ్లీషు లాగ్‌లైన్‌లో మాత్రం నాలుగు మాటలు ఎక్కువ పెట్టండి. 'మనుషులున్న ప్రతి ఇంటి ముందూ పొద్దున్నే వేసే పిండి ముగ్గు' అనే అర్థం వచ్చేలా రాయండి. అప్పుడు వాక్యం ఇలా తయారవుతుంది: ఏటా నీళ్లు తగ్గినప్పుడు ఒక ముసలామె మునిగిన తన ఇంటికి వెళ్లి, ఆ ఇంట్లో మనుషులున్నారని చెప్పే పిండి ముగ్గును వాకిట్లో వేసి వస్తుంది, ఈ ఏడు అది అప్పటికే వేసి ఉంది. చూశారా, అర్థం చెప్పడంతో గండి ఇంకా లోతైంది. మనుషులున్నారని చెప్పే గుర్తు, మనుషుల్లేని చోట, ఇంకెవరో పెట్టారు. తెలుగు వాళ్లకు రాసేటప్పుడు ఈ వివరణ అక్కర్లేదు, వాళ్లకు అది మాట దండగ. అందుకని తెలుగుది, ఇంగ్లీషుది ఒకదానికొకటి మక్కీకి మక్కీగా ఉండాలని పట్టుబట్టకండి. ఇద్దరు పాఠకుల తలలో ఒకే ప్రశ్న పుట్టడమే కావాలి.

శ్రీశైలం పేరు లాగ్‌లైన్‌లో అవసరం లేదు. 1981లో జలాశయం నిండడం మొదలయ్యాక కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్లు నీళ్లలో కలిసిపోయిన సంగతి మన వాళ్లకు తెలుసు. ఎండాకాలంలో సంగమేశ్వరం గుడి బయటపడడం చూడ్డానికి వెళ్లినవాళ్లూ ఉన్నారు. అది నిజంగా జరిగిందన్న బరువు సినిమాకు కావాలి, కానీ ఆ బరువు మోయాల్సింది డైరెక్టర్ స్టేట్‌మెంట్. ఫెస్టివల్స్‌కు సినిమాలు పంపే వెబ్‌సైట్ ఫిల్మ్‌ఫ్రీవేలో దానికి వేరే గడి ఉంటుంది. మీ పాత లాగ్‌లైన్‌లోని మూలాలు, నిర్వాసితులు, వేదన అన్నిటినీ అక్కడికి తరలించండి. మీ అమ్మమ్మ ఊరు ఏదో, మీరు మొదటిసారి ఆ బురదలో నడిచింది ఎప్పుడో అక్కడ రాయండి. సినాప్సిస్‌లో సినిమాలో జరిగేదే ఉండాలి.

ఇప్పుడు సినాప్సిస్. ఒక పేరా, ఇంగ్లీషులో వంద మాటలకు అటూ ఇటూ. ఇక్కడ అందరికీ వచ్చే టెన్షన్ ఒకటే, ఎంత చెప్పాలి, ముగింపు చెప్పాలా వద్దా. ఎవరికి పంపుతున్నారో దాన్ని బట్టి ఉంటుంది. డబ్బు కోసం గ్రాంట్‌కో, నిర్మాతకో పంపే సినాప్సిస్‌లో ముగింపు తప్పకుండా చెప్పాలి. అక్కడ సినిమా ఇంకా తీయలేదు, మీరు కథను ముగించగలరా లేదా అన్నదే వాళ్లు చూస్తారు. పూర్తయిన సినిమాను ఫెస్టివల్‌కు పంపేటప్పుడు చెప్పకూడదు. ఆ మనిషి ఇంకో నిమిషంలో సినిమా చూడబోతున్నాడు. పైగా సినిమా ఎంపికైతే మీరు రాసిన ఆ పేరానే చాలాసార్లు ఎవరూ మార్చకుండా కేటలాగ్‌లో అచ్చేస్తారు.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. నా రెండో షార్ట్‌కు గ్రాంట్ కోసం రాసిన సినాప్సిస్‌నే ఫెస్టివల్ ఫారంలో అతికించాను. చివరి వాక్యంలో పిల్లాడు దాచిన పెట్టెలో ఏముందో ఉంది. సినిమా ఎంపికైంది, సంతోషంగా వెళ్లాను. హాల్లో నా ముందు వరసలో ఒకావిడ లైట్లు ఆరకముందు కేటలాగ్ తెరిచి, వేలు పెట్టి ఒక్కో లైన్ చదువుతూ నా సినిమా దగ్గర ఆగింది. పక్కనున్న కూతురికి చదివి వినిపించింది కూడా. సినిమాలో పెట్టె తెరిచినప్పుడు హాలంతా ఒక్క క్షణం నిశ్శబ్దం కావాలి. ఆ పాప మాత్రం గట్టిగా, "అమ్మా, ఇదే కదా నువ్వు చెప్పింది!" అంది. రెండేళ్లు కష్టపడి కట్టిన క్షణాన్ని నా చేత్తోనే ముందే విప్పేశాను. ఫెస్టివల్ వాళ్లది ఇందులో ఏ తప్పూ లేదు.

మరి ఎక్కడ ఆపాలి? గండి పడ్డాక ముఖ్యపాత్ర చేసే మొదటి పని దాకా చెప్పి ఆపండి. గండి దగ్గరే ఆపేస్తే సినాప్సిస్ కాస్తా సాగదీసిన లాగ్‌లైన్ అవుతుంది, చదివినవాడికి కొత్తగా ఏమీ దొరకదు. మొదటి పని దాటి వెళితే కథ విప్పేసినట్టే. మొదటి పనిలో ఆ మనిషి ఎలాంటిదో తెలుస్తుంది, సినిమా ఏ దారిన పోతుందో తెలుస్తుంది, ఎక్కడ తేలుతుందో మాత్రం తెలియదు. మీ సినిమాలో ఆ పని అద్భుతంగా ఉంది. అవ్వ ఆ ముగ్గును చెరపదు, ఎవరు వేశారో కాపలా కాయదు. పక్కన తాను సగం ముగ్గు వేసి, మిగతా సగం వదిలేసి వెళ్లిపోతుంది. నేను సినిమా తీసినవాడినైతే ఈ ఒక్క ఆలోచన వచ్చిన రోజు నిద్ర పట్టేది కాదు. మీరు దీన్ని సినాప్సిస్‌లో ఎక్కడా చెప్పలేదు!

ఇంకొకటి కూడా చెప్పలేదు. ఆఖర్లో పేర్లు పడేటప్పుడు ఒక చిన్న లైన్ వచ్చింది, వాడిన మట్టి జలాశయం అడుగు నుంచి తెచ్చిన ఒండ్రు అని. ఫారంలో మీరు టెక్నిక్ దగ్గర 'టూడీ' అని మాత్రం పెట్టారు. గాజు పలక మీద తడిమట్టి పరిచి, వేలితో, పుల్లతో కదిలిస్తూ పైనుంచి ఒక్కో ఫ్రేమ్ తీసే పద్ధతిలో పాత బొమ్మ చెరిగితేనే కొత్త బొమ్మ వస్తుంది. సెకనుకు పన్నెండు బొమ్మల లెక్కన మీ సినిమాకు ఐదున్నర వేల బొమ్మలు, అందులో ఒక్కటీ ఇప్పుడు మిగిలి లేదు. ఊరు చెరిగిపోయిన కథను, చెరిగిపోయే బొమ్మలతో, ఆ ఊరిని ముంచిన నీళ్ల అడుగు మట్టితోనే చెప్పారు. ఫెస్టివల్‌కు యానిమేషన్ సినిమాలు ఎంచే ప్రోగ్రామర్‌కు ఇది తెలిస్తే కళ్లు పెద్దవవుతాయి.

టెక్నిక్ సంగతి సినాప్సిస్‌లో ఎప్పుడు రాయాలో నేను పెట్టుకున్న నియమం చెబుతాను. అది కథలో భాగమైతే రాయండి, కాకపోతే ఫారంలో టెక్నిక్ గడికి వదిలేయండి. "చేత్తో గీసిన పన్నెండు వేల బొమ్మలు, మూడేళ్ల శ్రమ" అని రాస్తే కష్టం తెలుస్తుంది, సినిమా గురించి ఏమీ తెలియదు. మీ మట్టి అలా కాదు. ఒక్క వాక్యం, చివర్లో, వివరణ లేకుండా రాయండి. ఎందుకు ఆ మట్టి వాడారో మీరు చెప్పకండి, చదివేవాడు కలుపుకుంటాడు.

మొత్తం కలిపితే ఇలా వస్తుంది:

"ఏటా ఎండాకాలంలో డ్యామ్ వెనక నీళ్లు తగ్గి, నలభై ఏళ్ల కిందట మునిగిన ఊరి గోడలు బయటపడతాయి. ఒక అవ్వ బిందె, చీపురు, ముగ్గు డబ్బా పట్టుకుని, నెర్రెలిచ్చిన బురద మీద నడుచుకుంటూ తన ఇంటికి వెళుతుంది. ఇంటికి ఇప్పుడు మిగిలింది ఒక మొండిగోడ, వాకిలి బండ. ఆ బండ కడిగి, ముగ్గు వేసి, పొద్దుగూకేలోపు తిరిగి వస్తుంది. ఈ ఏడు వెళ్లేసరికి బండ కడిగి ఉంది, ముగ్గు వేసి ఉంది. అది ఆమె చేతి ముగ్గు కాదు. అవ్వ దాన్ని చెరపదు. పక్కనే సగం ముగ్గు వేసి, మిగతా సగం వదిలేసి వెళుతుంది. మాటల్లేని ఈ చిత్రంలో ప్రతి బొమ్మా ఆ జలాశయం అడుగు నుంచి తెచ్చిన ఒండ్రుమట్టితో గాజు మీద గీసినదే."

ఇందులో అవ్వ బాధపడిందని ఎక్కడా లేదు. ఒంటరితనం, జ్ఞాపకం అన్న మాటలు లేవు. బిందె, చీపురు, డబ్బా ఉన్నాయి. ఎండిన బురదలో బిందె మోసుకుంటూ వెళుతోందంటే బండ కడగడానికి నీళ్లు కూడా తనే తీసుకెళుతోందని తెలుస్తుంది. నీళ్లు ముంచిన ఇంటిని కడగడానికి నీళ్లు మోసుకెళ్లడం చదివినవాడికి తగులుతుంది. మీరు వేదన అని రాయాల్సిన చోట ఆ బిందె పెట్టండి.

సినిమాలో ముగింపు ఏమిటో నేను ఇక్కడ కూడా రాయడం లేదు. ఇది చదివే మిగతావాళ్లు రేపు మీ సినిమా చూడాలి కదా.

కథ లేని, కేవలం రూపాలూ శబ్దాలతో నడిచే యానిమేషన్ తీసేవాళ్లకు ఇదంతా అలాగే వర్తించదు. ఆన్సీలో అలాంటి వాటికి 'ఆఫ్ లిమిట్స్' అని వేరే పోటీ విభాగమే ఉంది. అక్కడ అలవాటు, గండి వెతక్కండి. సినిమా తనకు తాను పెట్టుకున్న నియమం ఏమిటో ఒక వాక్యంలో చెప్పండి, అది ఎక్కడ తప్పుతుందో సూచించండి, చాలు.

రాసింది సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడానికి సినిమా చూడని ముగ్గురికి లాగ్‌లైన్ చదివి వినిపించండి. చేతికి ఇవ్వకండి, నోటితో ఒక్కసారే చెప్పండి. "ఎలా ఉంది?" అని అడగొద్దు, బాగుంది అంటారు. ఏమీ అడక్కుండా ఆగండి. వాళ్ల నోట్లోంచి వచ్చే మొదటి ప్రశ్న వినండి. "ఎవరు వేశారు?" అన్నారా, పని అయింది. "అంటే ఏమిటి?", "ఏ డ్యామ్?", "ఆమె ఎవరు?" అన్నారంటే ఎక్కడో సమాచారం తక్కువైంది, లేదా తికమక అయింది. "దెయ్యమా?" అని అడిగితే మాత్రం జాగ్రత్త, స్వరం తప్పింది. ముగ్గురిలో ఒకరైనా తెలుగు రాని వాళ్లు ఉండాలి, వాళ్లకు ఇంగ్లీషుది చెప్పండి. మర్నాడు వాళ్లకు ఫోన్ చేసి నిన్న చెప్పిన సినిమా ఏమిటని అడగండి. ముగ్గు సంగతి వాళ్ల మాటల్లో తిరిగి వస్తే, ఎంపిక సమావేశంలోనూ వస్తుంది.

ఇక పేరు. 'మునిగిన జ్ఞాపకాలు' అన్న పేరు మీ పాత లాగ్‌లైన్‌కు తోబుట్టువు. పేరు, లాగ్‌లైన్ ఎప్పుడూ ఒకదాని కింద ఒకటి కనబడతాయి. రెండూ ఒకే మాట చెబితే ఒకటి వృథా. 'వాకిలి', 'సగం ముగ్గు' లాంటి పేరైతే లాగ్‌లైన్ దాని కింద వచ్చి కొత్త సంగతి చెబుతుంది. 'సగం ముగ్గు' మరీ ముందే చెప్పేస్తుందేమో అనిపిస్తే 'వాకిలి' నాకు ఇష్టం. టైటిల్ కార్డ్ మార్చడం మీకు ఒక పూట పని.

స్టిల్ కూడా మార్చండి. ఇప్పుడు మీరు పెట్టింది జలాశయం మొత్తం కనిపించే దూరపు షాట్. అందంగా ఉంది కానీ ఫారంలో అది బొటనవేలంత సైజులో వస్తుంది. అంత చిన్నగా చూస్తే గోధుమరంగు మరక తప్ప ఏమీ తెలియదు. రెండో నిమిషం దాటాక అవ్వ ఆగిపోయిన ఫ్రేమ్ తీసుకోండి. చీపురు చేతిలోనే ఉంటుంది, తల కిందికి వంగి ఉంటుంది, కాళ్ల దగ్గర తెల్లటి గీతల కొస మాత్రం కనబడుతుంది. ముగ్గు మొత్తం కనబడే ఫ్రేమ్ వద్దు, ఆ కొస చాలు.